ఓవర్‌హెడ్ వేరియన్స్‌లు: స్పెండింగ్, ఎఫిషియెన్సీ, వాల్యూమ్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

సూత్రాలు బట్టీ పట్టినా ఓవర్‌హెడ్ వేరియన్స్‌ల దగ్గరికొచ్చేసరికి చాలామంది తడబడతారు, ఎందుకంటే మెటీరియల్, లేబర్ వేరియన్స్‌ల్లో పేరు ఏం చెప్తుందో అంకె కూడా అదే చెప్తుంది, ఇక్కడ మాత్రం పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. అందుకే ఒకే షాపు, ఒకే నెల తీసుకుని మొదటినుంచి చివరిదాకా దాంతోనే నడుద్దాం. అంకెలన్నీ నేను కల్పించినవే, కరెన్సీ ఏదైనా అనుకోండి.

ముందు ఆ షాపు వివరాలు చెప్పండి?

పంప్ బాడీలు మెషినింగ్ చేసే యూనిట్. బయటినుంచి కాస్టింగ్‌లు వస్తాయి, వీళ్ళు డ్రిల్ చేసి, బోర్ చేసి, ఫినిష్ చేసి పంపిస్తారు. ఒక పీసుకి స్టాండర్డ్ 2 మెషిన్ అవర్లు. నెలకి 5,000 పీసులని బడ్జెట్ వేశారు, అంటే 10,000 మెషిన్ అవర్లు. వేరియబుల్ ఓవర్‌హెడ్, అంటే కరెంటు, ఆయిల్, టూల్స్ లాంటి పనితో పాటు మారే ఖర్చు, గంటకి 6, ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్, అంటే అద్దె, జీతాల్లాంటి ఖర్చు, నెలకి 1,20,000. ఈ 1,20,000ని 10,000 గంటలతో భాగిస్తే గంటకి 12 వస్తుంది, దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత గొడవంతా దీంతోనే.

నెలాఖరుకి జరిగిందేంటంటే, తయారైనవి 4,500 పీసులే, మెషిన్లు నడిచింది 9,450 గంటలు, వేరియబుల్ ఓవర్‌హెడ్ ఖర్చు 58,590, ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ ఖర్చు 1,23,000. మొత్తం 1,81,590.

బడ్జెట్ మొత్తం 1,80,000, ఖర్చు 1,81,590. తేడా 1,590 మాత్రమే కదా, దీనికింత హడావుడి ఎందుకు?

సరిగ్గా ఈ మాటే మేనేజర్లు మీటింగ్‌లో అంటారు. ఆ 1,80,000 ఎన్ని పీసులకి వేసింది? 5,000కి. చేసింది 4,500. పని తగ్గినప్పుడు కరెంటు, ఆయిల్, టూల్స్ ఖర్చు కూడా తగ్గాలి కదా. అందుకే బడ్జెట్‌ని జరిగిన పనికి తగ్గట్టు మళ్ళీ వేసుకోవాలి, ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటే ఇంతే. 4,500 పీసులకి స్టాండర్డ్ ప్రకారం 9,000 గంటలు, వాటికి వేరియబుల్ 54,000, ఫిక్స్‌డ్ మాత్రం కదలదు కాబట్టి అదే 1,20,000, మొత్తం 1,74,000.

ఇప్పుడు చూడండి, ఖర్చు ఎక్కువైంది 1,590 కాదు, 7,590. పాత బడ్జెట్‌తో పోలిస్తే పని తగ్గడం వల్ల మిగలాల్సిన 6,000 వెనకాల అసలు తేడా దాక్కుంది.

ఒక చిన్న మాట, ఫ్లెక్స్ చేసేటప్పుడు ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌ని కూడా 4,500/5,000 అని కుదించేస్తారు కొందరు, అలా చేస్తే 1,08,000 వస్తుంది, అది ఫ్లెక్సిబుల్ బడ్జెట్ కాదు, అబ్జార్బ్ అయిన ఓవర్‌హెడ్, అంటే చేసిన పీసుల మీద స్టాండర్డ్ రేటుతో వేసినది. ఈ రెండూ వేరు, వాటి మధ్య తేడానే వాల్యూమ్ వేరియన్స్, దాని దగ్గరికి తర్వాత వస్తాం.

వేరియబుల్ ఓవర్‌హెడ్‌లో రెండు వేరియన్స్‌లు ఎలా విడదీయాలి?

మూడు అంకెలు వరసగా రాసుకోండి. మొదటిది నిజంగా అయిన ఖర్చు, 58,590. రెండోది నిజంగా నడిచిన గంటలకి స్టాండర్డ్ రేటు వేస్తే వచ్చేది, 9,450 × 6 = 56,700. మూడోది చేసిన పీసులకి పట్టాల్సిన గంటలకి స్టాండర్డ్ రేటు, 9,000 × 6 = 54,000. మొదటిదానికీ రెండోదానికీ తేడా స్పెండింగ్ వేరియన్స్, 1,890 అడ్వర్స్, అంటే ఖర్చు ఎక్కువైంది. రెండోదానికీ మూడోదానికీ తేడా ఎఫిషియెన్సీ వేరియన్స్, 2,700 అడ్వర్స్. కలిపితే 4,590.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసి ఆడిటర్ ముందు నీళ్ళు నమిలా. మూడో అంకె దగ్గర 9,000 బదులు బడ్జెట్ గంటలు 10,000 వేసేశా. అప్పుడేమవుతుంది, (10,000 − 9,450) × 6 = 3,300 ఫేవరబుల్ అని వస్తుంది! అంటే గంటలు వృథా చేసిన షాపుకి శభాష్ అని రిపోర్ట్ పంపినట్టు. దీన్ని పట్టుకోవడం తేలిక: పీసుకి పట్టిన గంటలు చూడండి, 9,450 ÷ 4,500 = 2.1. స్టాండర్డ్ 2. పీసుకి ఎక్కువ గంటలు పట్టినప్పుడు ఎఫిషియెన్సీ వేరియన్స్ ఫేవరబుల్ రానే రాదు.

ఎఫిషియెన్సీ వేరియన్స్ అడ్వర్స్ అంటే ఓవర్‌హెడ్‌ని దుబారా చేశారనా?

కాదు. పేరు చూసి అందరూ అలాగే అనుకుంటారు. ఈ 2,700లో కరెంటు దుబారా గురించి గానీ ఆయిల్ దుబారా గురించి గానీ ఒక్క ముక్క కూడా లేదు. ఇది మెషిన్ అవర్లు 450 ఎక్కువ పట్టాయి, ఒక్కో గంట వెనకాల 6 ఖర్చవుతుందని అనుకున్నాం కాబట్టి 2,700 ఎక్కువ అవ్వాలి అని మాత్రమే చెప్తుంది. అంటే అది బేస్‌గా, అంటే ఓవర్‌హెడ్ రేటు కట్టడానికి, తీసుకున్న గంటల ఎఫిషియెన్సీ. బేస్ లేబర్ అవర్లయితే లేబర్ ఎఫిషియెన్సీ వేరియన్స్ ఎటు ఉంటే ఇది కూడా అటే ఉంటుంది, తోకలాగా.

దుబారా నిజంగా జరిగితే, అంటే గంటకి వాడాల్సిన దానికన్నా ఎక్కువ ఆయిల్ పోస్తే, అది స్పెండింగ్ వేరియన్స్‌లో కనిపిస్తుంది. స్పెండింగ్ అంటే ధర ఒక్కటే అనుకోకూడదు, ధర పెరిగినా అందులోకే, వాడకం పెరిగినా అందులోకే. మెటీరియల్ ప్రైస్ వేరియన్స్‌కి దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

ఇంకో సంగతి. ఈ లెక్కకి అర్థం ఉండాలంటే బేస్‌కీ ఖర్చుకీ నిజంగా సంబంధం ఉండాలి. ఆటోమేటిక్ మెషిన్లు పెట్టి పదేళ్ళయినా పాత అలవాటు కొద్దీ లేబర్ అవర్ల మీదే రేటు వేసే చోట్లున్నాయి, అక్కడ మనుషుల గంటలు తగ్గితే కరెంటు తగ్గినట్టు వేరియన్స్ చెప్తుంది, మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట ఎఫిషియెన్సీలో ఫేవరబుల్, స్పెండింగ్‌లో దాదాపు అంతే అడ్వర్స్ నెలనెలా జంటగా వస్తుంటాయి, అలా కనిపిస్తే బేస్ తప్పని అనుమానించండి.

స్పెండింగ్ వేరియన్స్ 1,890 అని వచ్చింది. ఇప్పుడు దాంతో ఏం చేయాలి?

ఆ ఒక్క అంకెతో ఏమీ చేయలేం, దాన్ని ఖర్చు రకాల వారీగా విప్పాలి. గంటకి 6లో కరెంటు 3, కూలెంట్, ఆయిల్ 1.20, డ్రిల్ బిట్లు, ఇన్సర్ట్‌లు లాంటి టూల్స్ 1.80 ఉన్నాయనుకోండి. 9,450 గంటలకి కరెంటు 28,350 కావాలి, అయింది 27,900, అంటే 450 మిగిలింది. ఆయిల్ 11,340 కావాలి, అయింది 11,290, అక్కడ గొడవ లేదు. టూల్స్ 17,010 కావాలి, అయింది 19,400. 2,390 ఎక్కువ.

అంటే 1,890 అనేది అసలు సమస్య సైజు కూడా కాదు, టూల్స్‌లో 2,390 పోతే కరెంటులో మిగిలింది దాన్ని కొంచెం కప్పేసింది. అందుకే మొత్తం చిన్నగా ఉందని వదిలేయకూడదు, లోపల ప్లస్సులు మైనస్సులు కొట్టేసుకుని ఉంటాయి.

సరే, టూల్స్ ఎందుకు ఎక్కువయ్యాయి? స్టోర్స్‌లో ఇష్యూ స్లిప్పులు తిరగేస్తే రెండో వారం నుంచి డ్రిల్ బిట్లు ఎక్కువ పోయాయి. షాప్ ఫ్లోర్‌లో అడిగితే ఆ వారం వచ్చిన కాస్టింగ్‌ల లాట్ గట్టిగా ఉంది, బిట్లు విరుగుతున్నాయి, అందుకే స్పీడ్ తగ్గించి నడిపాం అన్నారు. స్పీడ్ తగ్గించారు కాబట్టి గంటలు ఎక్కువ పట్టాయి, అదే ఆ 450 గంటలు! ఆ లాట్ ఎక్కడినుంచి వచ్చింది అంటే పర్చేజ్ వాళ్ళు కొత్త సప్లయర్ దగ్గర కొంచెం తక్కువ రేటుకి తెచ్చారు, వాళ్ళ రిపోర్ట్‌లో మెటీరియల్ ప్రైస్ వేరియన్స్ ఫేవరబుల్ అని మెరుస్తోంది.

ఒకే కారణం మూడు చోట్ల మూడు పేర్లతో కనిపించింది చూశారా. వేరియన్స్ రిపోర్ట్‌ని డిపార్ట్‌మెంట్ల వారీగా కోసి ఎవరి ముక్క వాళ్ళకి పంపేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు, షాప్ సూపర్‌వైజర్ తిట్లు తింటాడు, పర్చేజ్ వాళ్ళు మెచ్చుకోలు తింటారు.

ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌లో స్పెండింగ్ వేరియన్స్ ఎలా వస్తుంది, అది మారని ఖర్చు కదా?

ఫిక్స్‌డ్ అంటే ఉత్పత్తితో పాటు మారదని, అసలు మారదని కాదు. అద్దె పెరగొచ్చు, ఇంకో సూపర్‌వైజర్‌ని తీసుకోవచ్చు. లెక్క తేలిక: అయిన ఖర్చు 1,23,000, బడ్జెట్ 1,20,000, తేడా 3,000 అడ్వర్స్. గంటలతో, పీసులతో ఏ పనీ లేదు. దీన్నే బడ్జెట్ వేరియన్స్, ఎక్స్‌పెండిచర్ వేరియన్స్ అని కూడా అంటారు.

ఇక్కడ 3,000 ఎక్కడిదో చూస్తే జీతాలు, డిప్రిసియేషన్, అద్దె అన్నీ బడ్జెట్ ప్రకారమే ఉన్నాయి. మెషిన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ నెలకి 1,500 పడాల్సింది, మూడు నెలల బిల్లు 4,500 ఒకేసారి వస్తే మొత్తం ఈ నెల ఖర్చులోనే ఎంట్రీ వేసేశారు. 3,000ని ప్రీపెయిడ్‌లోకి మారిస్తే వేరియన్స్ మాయం. ఫిక్స్‌డ్ స్పెండింగ్ వేరియన్స్ వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇదే, ఎవరినైనా ప్రశ్నించే ముందు బిల్లు ఏ నెలలదో చూడండి, సగం సార్లు కథ అక్కడే ముగుస్తుంది.

వాల్యూమ్ వేరియన్స్ అంటే ఏంటి? 12,000 నష్టపోయినట్టా?

4,500 పీసుల మీద వేసిన ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్ 9,000 × 12 = 1,08,000. బడ్జెట్ 1,20,000. తేడా 12,000 అడ్వర్స్. ఇది వాల్యూమ్ వేరియన్స్. అయిన ఖర్చు 1,23,000 ఈ లెక్కలోకి రానే రాదు, అది గమనించండి.

12,000 ఎవరి జేబులోంచీ అదనంగా పోలేదు. అద్దె 5,000 పీసులు చేసినా అంతే, 4,500 చేసినా అంతే. మనం గంటకి 12 చొప్పున పీసుల మీద రుద్దుతూ పోయాం, అనుకున్నన్ని పీసులు రాలేదు కాబట్టి 12,000 రుద్దడానికి పీసులు లేక మిగిలిపోయింది, అంతే. నిజమైన నష్టం తెలియాలంటే ఆ 500 పీసులు అమ్ముడుపోయేవా, పోతే ఒక్కోదాని మీద కాంట్రిబ్యూషన్, అంటే అమ్మకం ధరలోంచి వేరియబుల్ ఖర్చులు తీసేస్తే మిగిలేది, ఎంత అని చూడాలి, అది 12,000 కన్నా ఎక్కువ ఉండొచ్చు, ఆర్డర్లే లేకపోతే సున్నా కూడా కావొచ్చు. వాల్యూమ్ వేరియన్స్ అంకెకి దాంతో సంబంధం లేదు.

ఇంకా వింత చూడండి. ఇదే షాపు, ఇదే నెల, డినామినేటర్ మాత్రం మారుద్దాం, అంటే రేటు కట్టడానికి వాడే గంటలు. 10,000 బదులు ప్రాక్టికల్ కెపాసిటీ 12,000 గంటలు తీసుకుంటే రేటు 10, అబ్జార్బ్ అయ్యేది 90,000, వాల్యూమ్ వేరియన్స్ 30,000 అడ్వర్స్. భయపడి 8,000 గంటలే తీసుకుంటే రేటు 15, అబ్జార్బ్ అయ్యేది 1,35,000, వేరియన్స్ 15,000 ఫేవరబుల్! షాపులో ఒక్క బోల్టు కూడా కదల్లేదు. అందుకే వాల్యూమ్ వేరియన్స్ చూపించి బోనస్ అడిగే వాళ్ళని ముందు డినామినేటర్ ఎంత పెట్టారని అడగాలి.

ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌కి కూడా ఎఫిషియెన్సీ వేరియన్స్ ఉంటుందని కొన్ని చోట్ల, ఉండదని కొన్ని చోట్ల చదివాను. ఏది నిజం?

రెండూ వాడుకలో ఉన్నాయి. గంటలు ఎక్కువ వాడినంత మాత్రాన అద్దె పెరగదు కాబట్టి ఫిక్స్‌డ్‌కి ఎఫిషియెన్సీ వేరియన్స్ పెట్టడంలో అర్థం లేదని ఒక పద్ధతి, అక్కడ వాల్యూమ్‌ని ముక్కలు చేయరు. ఇంకో పద్ధతిలో వాల్యూమ్‌ని కెపాసిటీ, ఎఫిషియెన్సీ అని రెండుగా కోస్తారు. మన లెక్కలో కెపాసిటీ (10,000 − 9,450) × 12 = 6,600, ఎఫిషియెన్సీ (9,450 − 9,000) × 12 = 5,400, కలిపితే అదే 12,000.

నాకైతే ఈ కోత ఉపయోగమే అనిపిస్తుంది, కానీ డబ్బుగా కాకుండా పీసులుగా చదివితే. పీసుకి ఫిక్స్‌డ్ 24. 6,600ని 24తో భాగిస్తే 275, అంటే మెషిన్లు 550 గంటలు ఖాళీగా ఉండటం వల్ల తగ్గిన పీసులు. 5,400ని భాగిస్తే 225, నడిచిన గంటల్లోనే నిదానంగా నడిపినందుకు తగ్గినవి. మొత్తం 500. ఇందులో 225 ఆ గట్టి కాస్టింగ్‌ల ఖాతాలో పడుతుంది, 275కి మాత్రం వేరే కారణం వెతకాలి, ఆర్డర్లు లేవా, మెషిన్ చెడిందా, కాస్టింగ్‌లే టైముకి రాలేదా అని. పరీక్షకి చదివేవాళ్ళు మాత్రం మీ సిలబస్ ఏ పద్ధతి వాడుతుందో అదే రాయండి, ఇక్కడ వాదన పెట్టుకుంటే మార్కులు పోతాయి.

టూ వే, త్రీ వే, ఫోర్ వే అంటారు, అవేంటి?

అవే అంకెల్ని ఎంతగా కలిపి చూపిస్తున్నాం అన్నదే. ఫోర్ వే అంటే మనం చేసినట్టు నాలుగూ విడిగా: 1,890, 2,700, 3,000, 12,000. త్రీ వేలో రెండు స్పెండింగ్‌లు కలిపేస్తారు, 4,890 అవుతుంది. టూ వేలో వాల్యూమ్ తప్ప మిగతావన్నీ కలిపి 7,590. ఖర్చుల్ని వేరియబుల్, ఫిక్స్‌డ్ అని ఖచ్చితంగా విడదీసి నమోదు చేయని చోట త్రీ వే దగ్గరే ఆగాల్సి వస్తుంది.

ఎక్సెల్‌లో పెట్టుకోవాలంటే?

B1లో తయారైన పీసులు, B2లో పీసుకి స్టాండర్డ్ గంటలు, B3లో నడిచిన గంటలు, B4లో వేరియబుల్ రేటు, B5లో ఫిక్స్‌డ్ బడ్జెట్, B6లో డినామినేటర్ గంటలు, B7లో అయిన వేరియబుల్ ఖర్చు, B8లో అయిన ఫిక్స్‌డ్ ఖర్చు పెట్టి, వరసగా నాలుగు వేరియన్స్‌లు:

```
=B7-B3*B4
=(B3-B1*B2)*B4
=B8-B5
=B5-B1*B2*B5/B6
```

ప్లస్ వస్తే అడ్వర్స్, మైనస్ వస్తే ఫేవరబుల్. నాలుగూ కలిపితే 19,590 రావాలి, మొత్తం ఖర్చు 1,81,590లోంచి అబ్జార్బ్ అయిన 1,62,000 తీసేసినా అదే రావాలి. రాకపోతే ఎక్కడో 9,000కి బదులు ఇంకేదో గంటలు వేశారని అర్థం.

వాల్యూమ్ వేరియన్స్ తగ్గించడానికి ఇంకో 500 పీసులు చేసి గోడౌన్‌లో పెట్టేస్తే పోదా?

పోతుంది, అదే అసలు ప్రమాదం. 500 × 24 = 12,000 స్టాక్ విలువలో కూర్చుంటుంది, వాల్యూమ్ వేరియన్స్ సున్నా అవుతుంది, ఈ నెల లాభం కూడా ఆ మేరకి పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ కాస్టింగ్‌లకి, కరెంటుకి, టూల్స్‌కి నిజం డబ్బు బయటికెళ్ళింది, అమ్ముడుపోని పీసులు మిగిలాయి. దీన్ని పట్టుకోవాలంటే వాల్యూమ్ వేరియన్స్ పక్కనే ఫినిష్డ్ స్టాక్ పీసుల లెక్క పెట్టుకోండి, వేరియన్స్ బాగుపడిన నెలలోనే స్టాక్ ఉబ్బుతుంటే విషయం అర్థమైనట్టే.

చివరికి పుస్తకాల్లో ఈ వేరియన్స్‌లని ఏం చేస్తారు?

చిన్నవైతే నేరుగా అమ్మిన సరుకు ఖర్చులో వేసేస్తారు. స్పెండింగ్ లాంటివి పెద్దగా ఉంటే అమ్మిన సరుకు, మిగిలిన స్టాక్ మధ్య పంచుతారు, ఎందుకంటే స్టాండర్డ్ కాస్ట్‌తో స్టాక్ విలువ కట్టాలంటే అది అసలు ఖర్చుకి దగ్గరగా ఉండాలి. అడ్వర్స్ వాల్యూమ్ వేరియన్స్ సంగతి వేరు. స్టాక్ విలువ కట్టడం గురించిన అంతర్జాతీయ అకౌంటింగ్ స్టాండర్డ్ ఐఏఎస్ 2 ప్రకారం ఫిక్స్‌డ్ ప్రొడక్షన్ ఓవర్‌హెడ్‌ని నార్మల్ కెపాసిటీ మీద పంచాలి, అంటే మామూలు పరిస్థితుల్లో కొన్ని పీరియడ్లు లేదా సీజన్ల సగటు ఉత్పత్తి, ప్లాన్ చేసిన మెయింటెనెన్స్‌కి పోయే సమయం తీసేసి. ఉత్పత్తి తక్కువైన నెలలో పీసుకి ఓవర్‌హెడ్ పెంచి స్టాక్‌లో తోసేయకూడదు, పంచగా మిగిలింది ఆ పీరియడ్ ఖర్చులోనే పోవాలి. మన షాపుకి 10,000 గంటలే నార్మల్ అనుకుంటే ఆ 12,000 మొత్తం ఈ నెల లాభనష్టాల ఖాతాకే. అదే ఉత్పత్తి మామూలు కంటే విపరీతంగా పెరిగిన నెలైతే రేటు తగ్గించి పంచాలి, లేకపోతే స్టాక్‌ని అసలు ఖర్చు కంటే ఎక్కువకి చూపించినట్టవుతుంది.